మిర్చి కోల్డ్ స్టోరేజీ ఎన్ని టిక్కీలకు కట్టాలి? మూడు పట్టికలతో తేల్చుకునే పద్ధతి

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీ కట్టాలనుకునేవారు ముందుగా తేల్చుకోవాల్సింది సైజు, అంటే ఎన్ని టిక్కీలు పట్టాలన్నది. టిక్కీ అంటే ఒక మిర్చి బస్తా. చిన్నది కడితే సరుకు పోటెత్తిన ఏడాది గేటు ముందు నిలబడ్డ లారీలను పక్క స్టోరేజీకి పంపించాలి. పెద్దది కడితే సరుకు రాని ఏడాది ఖాళీ ఛాంబర్లకు వడ్డీ కట్టాలి. ఏ ఏడాది ఎలా ఉంటుందో ముందే చెప్పగలిగేవారు లేరు. 2021-22లో నల్ల తామర పురుగు దెబ్బకు దిగుబడి పడిపోయి ధర లేచింది. ఆ ధర చూసి సాగు పెరిగింది. తర్వాత మార్కెట్ దిగజారి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాకు రూ.11,781 ధర ప్రకటించాల్సి వచ్చింది. ఇంతలా ఊగే పంటకు "సరుకు ఎక్కువ వచ్చే అవకాశం 30 శాతం" అని ఎవరైనా రాసిస్తే, ఆ 30 ఎక్కడినుంచి వచ్చిందని అడగండి. చాలామంది దగ్గర జవాబు ఉండదు.

అవకాశం ఇంత శాతం అని చెప్పలేనప్పుడు వాడేవే మాగ్జిమిన్, మాగ్జిమాక్స్, మినిమాక్స్ రిగ్రెట్ పద్ధతులు. కామర్స్, ఎంబీఏ పుస్తకాల్లో ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, నచ్చినది ఎంచుకోమన్నట్టు చూపిస్తారు. గిడ్డంగి సైజు విషయంలో అలా చేస్తే దారి తప్పుతారు. మొదటి రెండూ ఏం చెబుతాయో పట్టిక వేయకముందే తెలిసిపోతుంది. అసలు పని మూడోదానితోనే. ఆ మూడోదాని జవాబు కూడా మీరు పట్టికలో ఏ వరుసలు, ఏ నిలువు వరుసలు పెట్టారన్నదాన్ని బట్టి మారిపోతుంది. అందుకే కింద పట్టిక తయారీకే ఎక్కువ చోటు ఇచ్చాం.

ఇక్కడి అద్దె, ఖర్చుల అంకెలన్నీ లెక్క చూపించడానికి వేసుకున్నవి. మీ కొటేషన్లు, మీ బ్యాంకు వడ్డీ రేటు చేతికొచ్చాక అవే గడుల్లో మీ అంకెలు వేసుకోండి.

మొదటి అడుగు: ఎంత సరుకు రావచ్చో మూడు స్థాయిలుగా రాయండి

నిలువు వరుసల్లో రాయాల్సింది మీ గేటు దాకా వచ్చే సరుకు. అంటే చోటు ఉంటే మీ దగ్గర పెట్టడానికి రైతులు, వ్యాపారులు తెచ్చే టిక్కీల సంఖ్య. ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి.

ఒకటి, పక్క ఊరి స్టోరేజీలో గత ఏడాది ఎన్ని టిక్కీలు పెట్టారో కనుక్కుని అదే గిరాకీ అనుకోవడం. దాని సామర్థ్యం 60,000 టిక్కీలైతే లెక్క 60,000 దగ్గరే ఆగుతుంది. వెనక్కి పంపిన లారీలు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు. అవి తెలియాలంటే హమాలీ ముఠా మేస్త్రీని, యార్డులోని కమీషన్ వ్యాపారులను అడగాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎన్ని రోజులు "చోటు లేదు" బోర్డు పెట్టారో వాళ్లకు బాగా గుర్తుంటుంది.

రెండోది, దిగుబడి ఒక్కటే చూడటం. కోల్డ్ స్టోరేజీకి సరుకు రావడం పంట మీద ఎంత ఆధారపడుతుందో ధర మీదా అంతే ఆధారపడుతుంది. యార్డులో మంచి ధర పలుకుతుంటే కళ్లం నుంచి నేరుగా అమ్మేస్తారు. ధర పడిపోతే ఆగుదామని దాచుకుంటారు. అందుకే పంట తక్కువై ధర ఎక్కువగా ఉన్న ఏడాది స్టోరేజీకి రెండు వైపులా దెబ్బ. పంట ఎక్కువై ధర పడిన ఏడాది చోటుకు కొట్లాట. తక్కువ, ఎక్కువ అనే రెండు కొసలను ఇలాంటి జంట పరిస్థితులను ఊహించి రాయండి. గత పదేళ్ల సగటు తీసి దానికి అటూ ఇటూ పది శాతం వేస్తే అసలు కొసలు పట్టికలోకి రావు.

ఇంకో సంగతి. నిలువు వరుసలోని అంకె ఒక్క సీజన్‌ది కాకూడదు. అప్పు తీరేదాకా ఏటా సగటున వచ్చే సరుకు రాయాలి. భవనం పాతికేళ్లు నిలుస్తుంది, ఒక్క చెడ్డ సీజన్‌ను చూసి దాని సైజు నిర్ణయించడం కుదరదు. ఆ ఒక్క చెడ్డ సీజన్‌ను తట్టుకోగలమా అన్నది వేరే ప్రశ్న, దాని దగ్గరకు తర్వాత వద్దాం.

మన ఉదాహరణలో మూడు స్థాయిలు: తక్కువైతే ఏటా 40,000 టిక్కీలు, ఓ మోస్తరుగా ఉంటే 80,000, ఎక్కువైతే 1,20,000.

రెండో అడుగు: కట్టగలిగే సైజులు మాత్రమే వరుసలుగా పెట్టండి

కోల్డ్ స్టోరేజీ సామర్థ్యం ఛాంబర్ల లెక్కన పెరుగుతుంది. ఒక్కో ఛాంబర్ 20,000 టిక్కీలు పట్టేలా డిజైన్ చేయించుకుంటే మీ ముందున్న సైజులు 40,000, 60,000, 80,000 ఇలా ఉంటాయి. 73,000 అనేది కాగితం మీదే ఉంటుంది. మొదటి పట్టికకు మూడు సైజులు చాలు: 2 ఛాంబర్లు, 4 ఛాంబర్లు, 6 ఛాంబర్లు.

స్థలం చాలనిది, బ్యాంకు అప్పు ఇవ్వనిది, కరెంటు లైను మోయలేనిది వరుసగా పెట్టకండి. ఇది చిన్న జాగ్రత్తలా కనిపిస్తుంది. రిగ్రెట్ పట్టికలో ఇదే పెద్ద తేడా తెస్తుంది, ఎలాగో చూస్తారు.

మూడో అడుగు: ఖర్చును రెండుగా విడదీయండి

సరుకు వచ్చినా రాకపోయినా తప్పనిది స్థిర ఖర్చు. అప్పు వడ్డీ, భవనం, యంత్రాల తరుగుదల, మేనేజర్, కంప్రెసర్ ఆపరేటర్, వాచ్‌మన్ జీతాలు, భవనం బీమా, ఒప్పంద లోడు మీద పడే కరెంటు డిమాండ్ చార్జీలు దీనిలోకి వస్తాయి. టిక్కీ వస్తేనే పడేది చర ఖర్చు. కాలిన యూనిట్ల కరెంటు, సరుకు బీమా, మీరు భరించేదైతే హమాలీ ఇందులోకి వస్తాయి.

ఈఎంఐ వేసుకుంటే తరుగుదల వేయకండి, తరుగుదల వేస్తే అసలు వాయిదాను వదిలేయండి. రెండూ కలిపితే ఒకే డబ్బును రెండుసార్లు ఖర్చు రాసినట్టే. పెద్ద సైజుకు ఈ తప్పు ఇంకా ఎక్కువ పడుతుంది కాబట్టి పట్టిక మొత్తం చిన్న సైజు వైపు ఒరిగిపోతుంది.

రాయితీ విషయంలో దీనికి ఉల్టా తప్పు జరుగుతుంది. వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద 3 శాతం వడ్డీ రాయితీ రూ.2 కోట్ల వరకు రుణానికే, అదీ గరిష్ఠంగా ఏడేళ్లే. మీ అప్పు రూ.2 కోట్లు దాటాక సైజు ఎంత పెంచినా ఈ రాయితీ ఏటా రూ.6 లక్షలకు మించదు. మొత్తం అప్పు మీద 3 శాతం తగ్గించి రాస్తే ఆరు ఛాంబర్ల వరుస ఉన్నదానికన్నా అందంగా కనిపిస్తుంది.

టిక్కీకి సీజన్ అద్దె రూ.210, చర ఖర్చు రూ.50 అనుకుందాం. టిక్కీకి మిగిలేది రూ.160. ఇక్కడ కొంచెం సర్దుబాటు ఉందని గుర్తుంచుకోండి. సగం నిండిన ఛాంబర్ కూడా నిండిన ఛాంబర్‌కు దగ్గరగానే కరెంటు తాగుతుంది, కాబట్టి చర ఖర్చు నిజంగా టిక్కీ లెక్కన కదలదు, ఛాంబర్ లెక్కన కదులుతుంది. మన మూడు స్థాయిల్లోనూ ఛాంబర్లు పూర్తిగా నిండటమో పూర్తిగా ఖాళీగా ఉండటమో జరుగుతుంది కాబట్టి ఈ ఉదాహరణకు ఇబ్బంది లేదు. స్థిర ఖర్చు ఏటా 40,000 టిక్కీల సైజుకు రూ.40 లక్షలు, 80,000కు రూ.68 లక్షలు, 1,20,000కు రూ.94 లక్షలు.

నాలుగో అడుగు: లాభాల పట్టిక

ప్రతి గడికీ ఒకటే సూత్రం. సైజు, వచ్చిన సరుకు ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని 160తో హెచ్చించి, స్థిర ఖర్చు తీసేయాలి. 80,000 టిక్కీల స్టోరేజీకి 40,000 టిక్కీలే వస్తే రాబడి రూ.64 లక్షలు, అందులోంచి రూ.68 లక్షలు పోతే రూ.4 లక్షల నష్టం. అదే స్టోరేజీకి 1,20,000 వచ్చినా పట్టేది 80,000 కాబట్టి రూ.128 లక్షలలోంచి రూ.68 లక్షలు పోగా రూ.60 లక్షలు. అంకెలు రూ. లక్షల్లో:

| సైజు (టిక్కీలు) | సరుకు 40,000 | సరుకు 80,000 | సరుకు 1,20,000 | వరుసలో కనిష్ఠం | వరుసలో గరిష్ఠం |
|---|---|---|---|---|---|
| 40,000 | 24 | 24 | 24 | 24 | 24 |
| 80,000 | −4 | 60 | 60 | −4 | 60 |
| 1,20,000 | −30 | 34 | 98 | −30 | 98 |

మాగ్జిమిన్ అంటే ఒక్కో సైజుకు వచ్చే అతి తక్కువ లాభాన్ని చూసి, వాటిలో పెద్దదాన్ని ఎంచుకోవడం. కనిష్ఠాల నిలువు వరుసలో పెద్దది 24, కాబట్టి 40,000. ఈ పద్ధతిని 1940లలో అబ్రహాం వాల్డ్ గణాంక శాస్త్రంలోకి తెచ్చాడు. మాగ్జిమాక్స్ అంటే ఒక్కో సైజుకు వచ్చే అతి ఎక్కువ లాభాన్ని చూసి, అందులోనూ పెద్దదాన్ని ఎంచుకోవడం. అక్కడ 98, కాబట్టి 1,20,000.

ఇది యాదృచ్ఛికం కాదు. గిడ్డంగి పట్టిక ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. సరుకు తక్కువైనప్పుడు స్థిర ఖర్చు తక్కువ ఉన్నదే మేలు, అంటే అతి చిన్నది. సరుకు ఎక్కువైనప్పుడు, అదనపు ఛాంబర్ తన ఖర్చు తాను తెచ్చుకునేంతవరకు, అతి పెద్దదే మేలు. అంటే మాగ్జిమిన్ మీ జాబితాలోని చిన్న సైజును, మాగ్జిమాక్స్ పెద్ద సైజును తిరిగి మీ చేతిలో పెడతాయి. జాబితాలో 20,000 సైజు కూడా పెట్టి, దానికీ 40,000కూ మధ్య ఎంత తేడా వస్తుందో చూస్తే తప్ప మాగ్జిమిన్‌తో కొత్త సంగతేమీ తెలియదు. మాగ్జిమాక్స్‌ను అయితే నేరుగా పక్కన పెట్టేయొచ్చు. ప్రాజెక్టు రిపోర్టులో ఎవరైనా దాన్ని చూపించి ఆరు ఛాంబర్లు కట్టమంటే, వాళ్లు చెబుతున్నది "అంతా బాగుంటే పెద్దదే బాగుంటుంది" అన్నంత మాత్రమే.

అయితే కనిష్ఠాల నిలువు వరుసను పారేయకండి. దానితో వేరే పని ఉంది.

ఐదో అడుగు: కనిష్ఠాన్ని జల్లెడలా వాడండి

ప్రతి సైజుకూ ఇందాక వాయిదా వేసిన ప్రశ్న ఇప్పుడు అడగండి. ఒక్క సీజన్ పూర్తిగా చెడిపోయి 20,000 టిక్కీలే వస్తే ఏమవుతుంది? రాబడి రూ.32 లక్షలు. 40,000 సైజుకు లోటు రూ.8 లక్షలు, 80,000కు రూ.36 లక్షలు, 1,20,000కు రూ.62 లక్షలు. అలాంటి సీజన్లు వరసగా రెండు వస్తే ఆ లోటును రెండింతలు చేసి, అంత డబ్బు ఎక్కడినుంచి తెస్తారో రాయండి. ఈ లెక్కలో మాత్రం తరుగుదల తీసేసి అసలు వాయిదా వేసుకోవాలి, ఎందుకంటే బ్యాంకుకు కట్టాల్సింది అదే.

రూ.124 లక్షలు తేలేని వారికి 1,20,000 వరుస ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. దాన్ని కొట్టేయండి. మిగిలినవాటితోనే ముందుకు వెళ్లండి. "అతి తక్కువలో ఎక్కువ" కోసం వెతకడం కన్నా "ఎంత లోటు దాకా నిలబడగలం" అని గీత గీయడం గిడ్డంగి వ్యాపారానికి బాగా సరిపోతుంది. ఉదాహరణ కోసం మూడు సైజులూ ఈ జల్లెడ దాటాయనుకుందాం.

ఆరో అడుగు: రిగ్రెట్ పట్టిక

1951లో లియోనార్డ్ సావేజ్ ప్రతిపాదించిన పద్ధతి ఇది. ఎంత సరుకు వస్తుందో ముందే తెలిసి ఉంటే ఏ సైజు కట్టేవాళ్లమో, దానితో పోలిస్తే మనం కట్టినదానికి ఎంత తగ్గిందో ప్రతి గడిలో రాయాలి. లెక్క నిలువుగా సాగుతుంది. ఒక్కో నిలువు వరుసలో అతి పెద్ద అంకె తీసుకుని, దానిలోంచి ఆ నిలువు వరుసలోని ప్రతి అంకెనూ తీసేయండి. మన పట్టికలో ఆ పెద్ద అంకెలు 24, 60, 98.

నష్టం ఉన్న గడి దగ్గర జాగ్రత్త. 24లోంచి −4 తీసేస్తే 28 వస్తుంది, 20 కాదు. చేత్తో లెక్కవేసేటప్పుడు ఎక్కువమంది తప్పేది ఈ గడి దగ్గరే. రిగ్రెట్ పట్టికలో మైనస్ అంకె వచ్చినా, ఏ నిలువు వరుసలోనైనా ఒక్క సున్నా కూడా లేకపోయినా ఎక్కడో తప్పు చేశారన్నమాట.

| సైజు (టిక్కీలు) | సరుకు 40,000 | సరుకు 80,000 | సరుకు 1,20,000 | వరుసలో గరిష్ఠ రిగ్రెట్ |
|---|---|---|---|---|
| 40,000 | 0 | 36 | 74 | 74 |
| 80,000 | 28 | 0 | 38 | 38 |
| 1,20,000 | 54 | 26 | 0 | 54 |

చివరి నిలువు వరుసలో అతి చిన్నది 38. మినిమాక్స్ రిగ్రెట్ చెప్పే సైజు 80,000. ఏ స్థాయిలో సరుకు వచ్చినా, అన్నీ తెలిసి కట్టినవాడి కన్నా మీరు ఏటా రూ.38 లక్షలకు మించి వెనకబడరు.

ఎక్సెల్‌లో చేసేవారికి: B2:B4లో సైజులు వేలల్లో (40, 80, 120), C2:C4లో స్థిర ఖర్చు లక్షల్లో, D1:F1లో సరుకు వేలల్లో, K1లో 1.6 రాయండి. వెయ్యి టిక్కీలకు మిగిలేది రూ.1.6 లక్షలు కాబట్టి ఆ అంకె.

```
D2:  =MIN($B2,D$1)*$K$1-$C2
G2:  =MIN(D2:F2)
H2:  =MAX(D2:F2)
D8:  =MAX(D$2:D$4)-D2
G8:  =MAX(D8:F8)
```

D2ను F4 దాకా, D8ను F10 దాకా, G2, H2, G8లను కిందికి లాగండి. డాలరు గుర్తులు అటూ ఇటూ అయితే D8 సూత్రం ప్రతి నిలువు వరుసకూ దాని సొంత గరిష్ఠం కాక D నిలువు వరుస గరిష్ఠాన్నే తీసుకుంటుంది. అలా జరిగిందో లేదో పట్టుకోవడం తేలిక: మొదటి వరుసలో 0, 36, 74 రావాలి. మూడూ సున్నాలే వస్తే D గరిష్ఠాన్నే అన్ని చోట్లా వాడిందన్నమాట.

రిగ్రెట్ గడుల్లో ఏముందో చదవండి

పట్టికలో వికర్ణానికి ఎడమవైపు కింద ఉన్న 28, 54, 26 అంకెలు పెద్దది కట్టినందుకు పడే బాధ. 68లోంచి 40 తీస్తే 28, 94లోంచి 40 తీస్తే 54, 94లోంచి 68 తీస్తే 26. అంటే ఇవి కేవలం స్థిర ఖర్చుల మధ్య తేడాలు. వీటికి అద్దెతో సంబంధం లేదు. కుడివైపు పైన ఉన్న 36, 74, 38 మాత్రం చిన్నది కట్టినందుకు చేజారిన లాభం. అద్దె మారితే ఇవే మారతాయి.

ఈ సంగతి తెలిస్తే పట్టిక ఎంత గట్టిగా నిలబడుతుందో తేలిగ్గా పరీక్షించవచ్చు. చుట్టుపక్కల కొత్త స్టోరేజీలు వచ్చి పోటీ పెరిగి టిక్కీకి మిగిలేది రూ.160 నుంచి రూ.120కి పడిందనుకోండి. 80,000 వరుసలో 38 కాస్తా 22 అవుతుంది, ఆ వరుస గరిష్ఠం 28. ఆరు ఛాంబర్ల గరిష్ఠం 54 అలాగే ఉంటుంది. రెండు ఛాంబర్లది 42. జవాబు మారదు, ఆరు ఛాంబర్లతో తేడా ఇంకా పెరుగుతుంది. ఉల్టాగా మిగిలేది పెరుగుతూ పోతే, సరిగ్గా రూ.200 దగ్గర 80,000 వరుస గరిష్ఠం కూడా 54 అయి రెండు సైజులూ సమానమవుతాయి. ఆపైన 1,20,000 గెలుస్తుంది. కాబట్టి మీరు తేల్చాల్సిన ప్రశ్న చాలా చిన్నదైపోయింది: అప్పు తీరేదాకా టిక్కీకి సగటున రూ.200కు పైగా మిగులుతుందా? దానికి జవాబు చెప్పడం రాబోయే ఏడేళ్ల పంటను ఊహించడం కన్నా తేలిక.

ఇంకో సర్దుబాటు కూడా చేసి చూడండి. సరుకు పోటెత్తే ఏడాదంటే సాధారణంగా ధర పడిన ఏడాది. అప్పుడు ఛాంబర్లు నిండుతాయి గానీ అద్దె వసూలు కష్టమవుతుంది. ధర వస్తుందేమోనని రైతు సరుకు తీయడు, తీసేటప్పుడు అద్దెలో తగ్గింపు అడుగుతాడు. ఒక్కోసారి పాత సరుకు కొత్త సీజన్ దాకా ఛాంబర్‌లోనే ఉండి కొత్త టిక్కీలకు చోటు లేకుండా చేస్తుంది. అందుకే చివరి నిలువు వరుసలో మాత్రం రూ.160కి బదులు రూ.140 వేయండి. లాభాలు 16, 44, 74 అవుతాయి, రిగ్రెట్లు 58, 30, 0. 80,000 వరుస గరిష్ఠం 30కి తగ్గుతుంది. నిండిన స్టోరేజీలన్నీ నిండిన గల్లాపెట్టెలే అనుకునేవారు ఈ గడిని తప్పకుండా మార్చి చూడాలి.

లేని వరుస చేసే మాయ

ఇప్పుడు రెండో అడుగులో చెప్పిన జాగ్రత్త దగ్గరకు వద్దాం. ఎవరో వచ్చి, "ఇంకా పెద్దగా ఆలోచించండి, 1,60,000 టిక్కీలు కూడా రావచ్చు" అన్నారనుకుందాం. దానికి తగ్గట్టు ఎనిమిది ఛాంబర్ల వరుస, రూ.118 లక్షల స్థిర ఖర్చుతో పట్టికలో చేరింది. రిగ్రెట్లు ఇలా మారతాయి:

| సైజు (టిక్కీలు) | 40,000 | 80,000 | 1,20,000 | 1,60,000 | గరిష్ఠం |
|---|---|---|---|---|---|
| 40,000 | 0 | 36 | 74 | 114 | 114 |
| 80,000 | 28 | 0 | 38 | 78 | 78 |
| 1,20,000 | 54 | 26 | 0 | 40 | 54 |
| 1,60,000 | 78 | 50 | 24 | 0 | 78 |

ఇందాక 80,000 గెలిచింది. ఇప్పుడు 1,20,000 గెలిచింది. ఎనిమిది ఛాంబర్లు తాను గెలవలేదు గానీ, పక్కన నిలబడి రెండింటి క్రమం తారుమారు చేసింది. ఈ పద్ధతికి ఉన్న పెద్ద లోపం ఇదే. మాగ్జిమిన్‌లో ఇలా జరగదు, ఎందుకంటే అక్కడ ఒక వరుస విలువ ఇంకో వరుస మీద ఆధారపడదు.

విడివిడిగా చేర్చి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 1,60,000 సరుకు అనే నిలువు వరుసను ఒక్కదాన్నే చేర్చి, ఎనిమిది ఛాంబర్ల వరుస లేకుండా ఉంచితే ఆ నిలువు వరుసలో పెద్ద అంకె మళ్లీ 98, కాబట్టి 80,000 రిగ్రెట్ 38 దగ్గరే ఆగుతుంది. ఎనిమిది ఛాంబర్ల వరుసనే చేర్చి, 1,60,000 సరుకు రాదనుకుంటే ఆ వరుస ప్రతి గడిలోనూ ఆరు ఛాంబర్లకన్నా తక్కువ, అదీ ఏమీ మార్చలేదు. రెండూ కలిస్తేనే జవాబు తిరగబడుతుంది.

కాబట్టి పై కొసను చేర్చేముందు రెండు ప్రశ్నలు. అంత సరుకు ఏటా సగటున మీ గేటు దాకా వస్తుందనడానికి లారీల లెక్క ఏమైనా ఉందా? ఎనిమిది ఛాంబర్లకు స్థలం, అప్పు, కరెంటు లోడు మీకు నిజంగా అందుబాటులో ఉన్నాయా? రెండో ప్రశ్నకు లేదు అని జవాబు వస్తే, కట్టలేనిదాన్ని కట్టలేదని బాధపడటం లెక్కలోకి రాదు. ఐదో అడుగులోని జల్లెడలో పడిపోయిన వరుసకూ ఇదే వర్తిస్తుంది. దాన్ని తీసేశాక నిలువు వరుసల గరిష్ఠాలు మళ్లీ లెక్కించాలి. చాలామంది వరుసను కొట్టేసి పాత గరిష్ఠాలనే ఉంచేస్తారు. 1,20,000ను కొట్టేసినప్పుడు చివరి నిలువు వరుస గరిష్ఠం 98 నుంచి 60కి దిగుతుంది, 80,000 వరుసలోని 38 సున్నా అవుతుంది, గరిష్ఠ రిగ్రెట్ 28 మాత్రమే.

కింది కొసలో కూడా ఒక వరుస మరిచిపోతుంటారు: అసలు కట్టకపోవడం, అన్ని గడుల్లో సున్నా. మన అంకెల్లో అది గెలవదు. కానీ ఏటా సగటున 20,000 టిక్కీలే వచ్చే పరిస్థితిని కూడా నిలువు వరుసగా పెట్టాల్సి వస్తే మాగ్జిమిన్ జవాబు "కట్టకండి" అవుతుంది.

మధ్య సైజులు, దశలవారీ కట్టడం

80,000 గెలిచాక దాని రెండు పక్కల సైజులనూ చూడండి. ఐదు ఛాంబర్లకు స్థిర ఖర్చు రూ.81 లక్షలైతే రిగ్రెట్లు 41, 13, 19. గరిష్ఠం 41, అంటే 38 కన్నా కొంచెమే ఎక్కువ. మూడు లక్షల తేడా మీ కొటేషన్ల పొరపాటులోనే కొట్టుకుపోతుంది కాబట్టి నాలుగు, అయిదు ఛాంబర్లను సమానంగానే ఎంచి, అప్పు తక్కువయ్యేదాన్ని తీసుకోవచ్చు. మూడు ఛాంబర్లకు రూ.54 లక్షలైతే గరిష్ఠం 56, దాన్ని వదిలేయండి.

చాలా పట్టికల్లో కనిపించని వరుస ఇంకోటి ఉంది: నాలుగు ఛాంబర్లు ఇప్పుడు, ఇంకో రెండింటికి ఏర్పాటు. పక్కన స్థలం కొని ఉంచడం, కంప్రెసర్ గదిలో మరో యంత్రానికి చోటు వదలడం, అమ్మోనియా లైనుకు వాల్వు పెట్టి మూసి ఉంచడం, ఒకవైపు గోడను తర్వాత జోడించుకునేలా కట్టడం. దీనికి ఏటా అదనంగా రూ.5 లక్షలు పడుతుందనుకుందాం. సరుకు పెరిగిందని ఖాయమయ్యాక రెండు ఛాంబర్లు కడితే, మధ్యలో కోల్పోయిన సీజన్లు, విడిగా కట్టడం వల్ల పెరిగే ఖర్చు పోగా ఏటా సగటున రూ.80 లక్షలు మిగులుతుందనుకుందాం. లాభాలు −9, 55, 80. రిగ్రెట్లు 33, 5, 18. గరిష్ఠం 33, ఇంతవరకు వచ్చినవాటిలో అతి తక్కువ.

ఈ వరుస ఎంతవరకు నిలుస్తుందో కూడా చూసుకోండి. సరుకు తక్కువైనప్పుడు దీని రిగ్రెట్ 28కి ఏర్పాటు ఖర్చు కలిపినంత. కాబట్టి ఏటా ఆ ఖర్చు రూ.10 లక్షలకు చేరితే నేరుగా నాలుగు ఛాంబర్లు కట్టడంతో సమానమైపోతుంది. పొడిగించిన తర్వాత ఏటా సగటున మిగిలేది రూ.60 లక్షలకు మించకపోయినా అంతే. మీ కాంట్రాక్టర్ దగ్గర ఈ రెండు అంకెలూ రాతపూర్వకంగా తీసుకోండి. పక్క స్థలం ధర వల్లనే ఏర్పాటు ఖర్చు రూ.10 లక్షలు దాటుతుంటే ఆ వరుసను కొట్టేసి నాలుగు ఛాంబర్లకు టెండర్ పిలవండి.